ముద్ర కింద అంకె

(ఉద్యోగుల కుటుంబ సమ్మేళనంలో చేసిన ప్రసంగ పాఠం)



"ఇంట్లోవాళ్లకు కూడా పనికొచ్చే విషయం ఏదైనా చెప్పండి, వడ్డీ రేట్లు మాత్రం వద్దు" అని నిర్వాహకులు ముందే షరతు పెట్టారు. అందుకని మా రుణాల విభాగంలో రోజూ ఎదురయ్యే ఒక చిన్న సమస్యను ఎంచుకున్నాను. స్కాను చేసిన కాగితంలో అచ్చయిన అంకె మీద రబ్బరు స్టాంపు పడుతుంది. లేదా వెనక లోగో నీడలా కనిపిస్తుంది. లేదా ఎవరో పెన్నుతో టిక్కు పెడతారు. అప్పుడు ఆ అంకె ఏమిటో ఎలా తేల్చుకోవాలి? మీ ఇళ్లలోని బీరువాల్లో పెన్షను కాగితాలు, ఇంటి పన్ను రసీదులు, పాత రుణం స్టేట్‌మెంట్లు ఉంటాయి. వాటినిప్పుడు ఫోనుతో స్కాను చేసి దాస్తున్నాం, పంపుతున్నాం. కాబట్టి ఇది మీ సమస్య కూడా.

ఒక గృహరుణ దరఖాస్తుతో మొదలుపెడతాను. వివరాలు గుర్తు పట్టకుండా ఉండేందుకు అంకెలు మార్చాను, లెక్క తీరు మాత్రం అదే. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగులు. వేరే బ్యాంకులో ఇప్పటికే ఒక అప్పు ఉంది. దాని నెలవారీ కిస్తు ఎంతో చూడటానికి ఆ బ్యాంకు ఖాతా స్టేట్‌మెంటు తెచ్చి ఇచ్చారు. ధ్రువీకరించిన నకలు, ప్రతి పేజీ మీదా ఊదా రంగు గుండ్రటి ముద్ర. ఆ ముద్ర సరిగ్గా కిస్తు పడిన వరుస మీద కూర్చుంది.

ఆ చోట ఉన్న వరుసలు ఇవి. జూన్ 5న జీతం జమ అయ్యాక నిల్వ 1,05,555.50. ఇది స్పష్టంగా ఉంది. జూన్ 7న కిస్తు ఖర్చు. అక్కడ మొదటి అంకె 1, చివర 466.00 కనిపిస్తున్నాయి. మధ్యలో ఉన్న వేల అంకె మీదుగా ముద్ర అంచు గీత పోయింది. అదే వరుసలో నిల్వ దగ్గర మొదటి రెండంకెలు ముద్ర మధ్యలోని నక్షత్రం కింద పడిపోయాయి. మిగిలింది 089.50 మాత్రమే. జూన్ 10న కరెంటు బిల్లు 1,863.00, నిల్వ 90,226.50. ఇది ముద్రకు కింద ఉంది కాబట్టి మళ్లీ స్పష్టం.

ఫైలు మా దగ్గరికి వచ్చేసరికి కిస్తు 18,466 అని ఎక్కి ఉంది. చూసిన ఎవరికైనా అది 8లాగే కనిపిస్తుంది. నిల్వ 87,089.50 అని ఉంది. ఆ రెండంకెలు ముద్ర కింద ఉన్నాయి కదా, 87 ఎక్కడి నుంచి వచ్చింది? 1,05,555.50 లోంచి 18,466 తీసేస్తే 87,089.50 వస్తుంది. అంటే కనబడని అంకెను లెక్క వేసి పూరించారు. పూరించాక ఆ వరుస చక్కగా కుదిరింది.

ఇక్కడే ఒక్క నిమిషం ఆగుదాం. ఆ వరుస కుదరడం ఏమైనా రుజువు చేస్తుందా? ఏమీ చేయదు. ఒక ఊహతో రెండో అంకెను తయారు చేసి, ఆ రెండూ ఒకదానికొకటి సరిపోయాయని సంతోషించినట్టు అయింది. అసలు పరీక్ష ముద్ర పడని వరుసతో జరగాలి. 87,089.50 లోంచి కరెంటు బిల్లు 1,863 తీసేస్తే 85,226.50 రావాలి. కాగితం మీద స్పష్టంగా ఉన్నది 90,226.50. తేడా సరిగ్గా 5,000.

ఇప్పుడు కింది నుంచి పైకి వెళ్దాం. 90,226.50కి 1,863 కలిపితే 92,089.50. ఇదే కిస్తు పోయాక ఉండాల్సిన నిల్వ. చివరి 089.50 కాగితం మీద కనిపించేదానితో సరిపోయింది. పైనున్న 1,05,555.50 లోంచి దీన్ని తీసేస్తే 13,466.00. అంటే అది 8 కాదు, 3. ముద్ర అంచు వంపు, 3కి ఎడమవైపు తెరిచి ఉన్న నోటిని మూసేసి 8లా చూపించింది.

తేడా 5,000 అని విని "ఐదు వేలే కదా" అనుకోకండి. 8.5 శాతం వడ్డీకి, 20 ఏళ్ల గడువుకు లక్ష రూపాయల అప్పు మీద నెల కిస్తు సుమారు 868 రూపాయలు. నెలకు 5,000 ఎక్కువ కట్టాల్సిన బాధ్యత ఉన్నట్టు రాస్తే, ఆ దంపతుల రుణ అర్హత దాదాపు 5.75 లక్షలు తగ్గిపోతుంది. వాళ్లు చూసుకున్న రెండు పడకగదుల ఇల్లు ఒక ముద్ర అంచు వల్ల చేజారిపోయేది. ఎందుకు తక్కువ మంజూరైందో వాళ్లకు ఎప్పటికీ తెలిసేది కాదు కూడా.

మన తరం గుమస్తాలందరికీ తెలిసిన చిట్కా ఒకటుంది. టాలీ కాని తేడా 9తో భాగిస్తే నిశ్శేషంగా పోతే, రెండంకెలు తారుమారయ్యాయేమో చూడమంటారు. ముద్ర వల్ల వచ్చే తప్పుకు గుర్తు వేరు. అక్కడ అంకెలు తారుమారు కావు, ఒక అంకె మరో అంకెలా కనిపిస్తుంది. అందుకని తేడా ఒకే స్థానంలో ఉంటుంది, మిగతావన్నీ సున్నాలు. 5,000 అంటే వేల స్థానంలో 5 తేడా. 3ని 8గా చదివితే తేడా 5. 1 మీద అడ్డగీత పడి 7గా చదివితే తేడా 6. 6 నోరు మూసుకుపోయి 8గా చదివితే తేడా 2. తేడాను బట్టి ఏ స్థానంలో వెతకాలో, ఏ జంటను అనుమానించాలో తెలుస్తుంది.

ఈ పద్ధతికి హద్దు కూడా ఉంది. ముద్ర ఒక్క వరుస మీదే పడింది కాబట్టి మన పని సులువైంది. పక్కపక్కన రెండు వరుసల్లో ఖర్చులు, మధ్య నిల్వ అన్నీ కప్పబడితే, పైనా కిందా ఉన్న నిల్వల తేడా వల్ల ఆ రెండు ఖర్చుల మొత్తమే తెలుస్తుంది. ఏది ఎంతో తెలియదు. అక్కడ ఊహించకూడదు. కొత్త నకలు అడగాలి.

లెక్క ఒక దారి. రెండో దారి రంగు. ఈ రెండూ ఒకదాని మీద ఒకటి ఆధారపడవు కాబట్టే రెండూ ఒకే అంకె చెబితే ధైర్యంగా ఉండవచ్చు.

పిల్లలు ముందుకు రండి. ఇవిగో, మిఠాయి డబ్బాలకు, పూలగుత్తులకు చుట్టే పారదర్శకమైన రంగు కాగితాలు. ఈ తెల్ల కాగితం మీద నల్లటి అంకెలు అచ్చయి ఉన్నాయి, వాటిమీద ఎర్ర స్టాంపు ఉంది. ఎర్ర కాగితంలోంచి చూడండి. స్టాంపు దాదాపు మాయమైంది, అంకెలు మిగిలాయి. ఇప్పుడు నీలం కాగితంలోంచి చూడండి. స్టాంపు నల్లగా, మరింత ముదురుగా కనిపిస్తోంది. ఇందులో గారడీ ఏమీ లేదు. ఎర్ర సిరా ఎర్ర కాంతిని వెనక్కి పంపుతుంది, తెల్ల కాగితమూ పంపుతుంది. ఎర్ర కాంతిలో రెండూ ఒకేలా కనిపిస్తాయి. నల్ల అచ్చు ఏ కాంతినీ వెనక్కి పంపదు, అందుకని ఎందులోంచి చూసినా నల్లగానే ఉంటుంది.

రంగుల్లో స్కాను చేసిన బొమ్మలోనూ ఇదే ఉంది. ప్రతి బొమ్మనూ ఎరుపు, ఆకుపచ్చ, నీలం అనే మూడు పొరలుగా విడదీయవచ్చు. ఎర్ర ముద్ర ఉంటే ఎరుపు పొర ఒక్కటే చూడాలి. నీలం ముద్రయితే నీలం పొర. ఆడిటరు ఆకుపచ్చ పెన్నుతో టిక్కు పెట్టి ఉంటే ఆకుపచ్చ పొర. మన ఆఫీసుల్లో ఎక్కువగా వాడే ఊదా సిరాలో నీలం, ఎరుపు రెండూ ఉంటాయి. ముందు నీలం పొర చూసి, తర్వాత ఎరుపు చూసి, ఏది పలచగా ఉంటే దాన్ని ఉంచుకోవాలి. ఇంట్లో కంప్యూటరు మీద ఉచితంగా దొరికే గింప్ అనే బొమ్మల సాఫ్ట్‌వేరులో `Colors > Components > Decompose` నొక్కితే మూడు పొరలూ విడివిడిగా వస్తాయి. నేను చెప్పిన స్టేట్‌మెంటును తిరిగి రంగుల్లో స్కాను చేయించి నీలం పొర చూస్తే, ఊదా అంచు పలచబడి 3 నోరు తెరుచుకుని కనిపించింది. లెక్క చెప్పినదే కళ్లకూ కనిపించింది.

"తిరిగి రంగుల్లో స్కాను చేయించి" అన్నాను, గమనించారా? మొదట వచ్చిన స్కాను నలుపు తెలుపులో ఉంది. నలుపు తెలుపు స్కానులో ప్రతి చుక్కా అయితే నలుపు, లేకుంటే తెలుపు. ఊదా ముద్రా నలుపే, అంకే నలుపే. అవి ఒక్కసారి కలిసిపోయాక ఎంత గొప్ప సాఫ్ట్‌వేరు తెచ్చినా విడదీయలేదు. ఫోనుల్లోని కొన్ని స్కానరు యాప్‌లు మనకు నచ్చుతుందని తమంతట తామే నలుపు తెలుపుగా మార్చేస్తాయి. కాగితం తళతళలాడుతూ కనిపిస్తుంది, సమాచారం పోతుంది. కాబట్టి స్టాంపులున్న కాగితాన్ని ఎప్పుడూ రంగుల్లోనే తీయండి. స్కానరు మీదయితే 300 డి.పి.ఐ. చాలు. అంటే అంగుళానికి 300 చుక్కలు.

రంగుకూ హద్దులున్నాయి. నల్ల సిరా ముద్రను ఏ పొరా తీసేయలేదు. పెన్సిలు గీత బూడిద రంగులో ఉంటుంది కాబట్టి అది కూడా అంతే. పాత కాగితం పసుపు పట్టి ఉంటే నీలం పొరలో కాగితమే మసకగా, మచ్చలుగా వస్తుంది. ఇంకొకటి, జేపెగ్ రూపంలో బాగా కుదించి దాచిన బొమ్మలో రంగు వివరాలు వెలుతురు వివరాలకంటే ముతకగా ఉంటాయి. అంకె చుట్టూ రంగు మరక పాకినట్టు కనిపిస్తుంది. వాట్సాప్‌లో ఫొటోగా పంపిన కాగితంలో అంకె తేలకపోతే, అసలు ఫైలును డాక్యుమెంటుగా పంపమని అడగండి.

ఇప్పుడు వాటర్‌మార్కుల సంగతి. ఇవి రెండు రకాలు, రెంటినీ కలిపి మాట్లాడుకోకూడదు. ఒకటి కాగితం తయారయ్యేటప్పుడే దానిలో కలిసిపోయేది. మన చెక్కు పట్టుకుని వెలుతురుకు ఎదురుగా చూస్తే సి.టి.ఎస్. ఇండియా అనే అక్షరాలు కనిపిస్తాయి. అది వెలుతురు కాగితం గుండా వచ్చినప్పుడే కనిపిస్తుంది. స్కానరు కాగితం మీద పడి వెనక్కి వచ్చే వెలుతురును చూస్తుంది కాబట్టి దీనివల్ల అంకెలకు పెద్ద ఇబ్బంది లేదు. రెండోది సిరాతో లేత రంగులో అచ్చు వేసిన లోగో, లేదా స్టేట్‌మెంటు మీద ఏటవాలుగా ఉండే నకలు అన్న మాట. ఇబ్బంది పెట్టేది ఇదే.

దీన్ని వేరు చేసేది రంగు కాదు, ముదురుతనం. స్కాను బొమ్మలో నలుపును 0గా, తెలుపును 255గా లెక్కిస్తారు. ఉదాహరణకు అంకెలు 50 దగ్గర, లేత లోగో 210 దగ్గర ఉన్నాయనుకోండి. 150 దగ్గర గీత గీసి, అంతకంటే లేతగా ఉన్నదంతా తెలుపు చేసేస్తే లోగో పోతుంది, అంకెలు ఉంటాయి. అయితే ఆ కాగితాన్ని జిరాక్స్ తీసి, ఆ జిరాక్సును మళ్లీ జిరాక్స్ తీస్తే లోగో ముదురు చుక్కలుగా మారుతుంది, అంకెలు పలచబడతాయి. రెండూ దగ్గరైపోయాక ఎక్కడ గీత గీసినా నష్టమే. తక్కువ దగ్గర గీస్తే 8 నడుము తెగి రెండు సున్నాలవుతుంది. ఎక్కువ దగ్గర గీస్తే లోగో చుక్క దశాంశ బిందువైపోతుంది. శుభ్రం చేసిన బొమ్మలో దశాంశ బిందువు తర్వాత మూడంకెలు కనిపిస్తే అది బిందువు కాదు, కామానో మరకో అని వెంటనే అనుమానించాలి.

చేతిరాత విషయానికి వస్తే, అది మిగతా రెండింటిలాంటిది కాదు. ముద్ర, వాటర్‌మార్కు అంకెను కప్పుతాయి. చేతిరాత కొన్నిసార్లు అంకెను మారుస్తుంది. అచ్చయిన 4,250 కొట్టేసి పక్కన 4,520 అని రాసి పొట్టి సంతకం ఉందనుకోండి. అక్కడ మన పని ఏది నిజమో తీర్పు చెప్పడం కాదు. అచ్చులో 4,250, చేతిరాతలో 4,520, పక్కన సంతకం ఉంది అని రెండూ నమోదు చేయాలి. ఎవరు దిద్దారో ఆ కార్యాలయాన్ని అడగాలి. చెక్కులయితే ఈ చర్చే లేదు. సి.టి.ఎస్. చెక్కులో తేదీని తిరిగి చెల్లుబాటు చేయడానికి తప్ప మరే దిద్దుబాటుకూ చోటు లేదు, దిద్దిన చోట పూర్తి సంతకం పెట్టినా సరే. కొత్త చెక్కు రాయాల్సిందే.

చెక్కుల మాట వచ్చింది కనుక ఇంకొక్క మాట. ఇప్పుడు కాగితం చెక్కు జమ చేసిన బ్యాంకు దగ్గరే ఆగిపోతుంది, డబ్బు చెల్లించే బ్యాంకుకు బొమ్మ మాత్రమే వెళ్తుంది. ముందు వైపు 100 డి.పి.ఐ.లో బూడిద రంగు బొమ్మ ఒకటి, 200 డి.పి.ఐ.లో నలుపు తెలుపు బొమ్మ ఒకటి, వెనక వైపు నలుపు తెలుపు బొమ్మ ఒకటి. రంగు పొరల కిటుకు అక్కడ ఉపయోగపడదు, బొమ్మలో రంగే లేదు. అందుకే తేదీ, పేరు, మొత్తం, సంతకం మీద స్టాంపు నీడ పడకూడదని రిజర్వు బ్యాంకు మార్గదర్శకాల్లో ప్రత్యేకంగా చెప్పింది. చెక్కు కింది భాగంలో తెల్లటి పట్టీ మీద ఉండే వింత అంకెలను అయస్కాంత సిరాతో అచ్చు వేస్తారు. మామూలు సిరా మరక పడినా యంత్రం వాటిని అయస్కాంతంతో చదవగలదు. అయినా మనుషులు, బొమ్మలు చదివేది కంటితోనే కదా, ఆ పట్టీ మీద ఏమీ రాయకండి. మొత్తాన్ని అక్షరాల్లోనూ రాయమనడం వెనకా ఇదే జాగ్రత్త ఉంది. అంకెలకూ అక్షరాలకూ తేడా ఉంటే అక్షరాల్లో రాసిన మొత్తమే చెల్లించాల్సినదని నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 18వ సెక్షను చెబుతుంది.

చివరగా, స్టాంపు వేసే చేతికి ఒక విన్నపం. ఒకసారి మా శాఖలో కొత్తగా చేరిన అమ్మాయి అడిగింది, "సార్, రౌండ్ సీల్ పేజీ మధ్యలో వేస్తే గట్టిగా కనిపిస్తుంది కదా?" అని. "అమ్మా, గట్టిగా కనిపించాల్సింది సీల్ కాదు, అంకెలు" అన్నాను. ఇది నా అభిరుచి కాదు. 1891 నాటి బ్యాంకర్స్ బుక్స్ ఎవిడెన్స్ చట్టంలో ధ్రువీకరించిన నకలు అంటే ఏమిటో నిర్వచించేటప్పుడు, ధ్రువపత్రం ఆ నకలు అడుగున రాయాలని ఉంది. అడుగున అన్న ఆ ఒక్క మాట పాటిస్తే నేను ఇంతసేపు చెప్పిన బాధల్లో సగం ఉండవు. అడుగున చోటు లేకపోతే పక్క అంచున వేయండి. లెక్కల వరుసల మీద మాత్రం వద్దు.

అలాగే ముద్రను చెరిపేసిన బొమ్మను ఎప్పుడూ అసలు కాగితంగా దాచకండి, ఎవరికీ ఇవ్వకండి. ముద్ర కూడా ఆ కాగితంలో భాగమే. అది లేని నకలుకు విలువ లేదు, పైగా దిద్దారన్న అనుమానం వస్తుంది. రంగు పొర తీసిన బొమ్మ చదువుకోవడానికి మాత్రమే. అసలు స్కాను ఎలా ఉందో అలాగే వేరుగా ఉండాలి. చదివిన అంకె పక్కన అది కళ్లతో చదివిందా, పై కింది నిల్వల నుంచి తేల్చిందా అని పెన్సిలుతో ఒక ముక్క రాసుకోండి. తేలని అంకె దగ్గర ప్రశ్నార్థకం పెట్టండి. మా విభాగంలో ప్రశ్నార్థకం ఉన్న ఫైలు వస్తే ఖాతాదారుకు ఒక ఫోను చేస్తాం, రెండు రోజుల్లో కొత్త నకలు వస్తుంది. ప్రశ్నార్థకం లేకుండా ఊహించిన అంకె వస్తే అది అంకెలాగే ఉంటుంది, ఎవరూ ఆగి చూడరు.

ఆ దంపతుల ఫైలులో కిస్తు 13,466గా సరిదిద్దాక, అదే ఖాతా జూలై స్టేట్‌మెంటు కూడా తెప్పించాం. అందులో ముద్ర పేజీ అడుగున ఉంది. కిస్తు 13,466 అని స్పష్టంగా కనిపించింది. రుణం పూర్తి అర్హత మేరకు మంజూరైంది.

రంగు కాగితాలు పిల్లలకే ఇచ్చేస్తున్నాను. ఇంటికెళ్లి బీరువాలోని పాత రసీదు ఒకటి తీసి చూపించమనండి.